ర్యాంకు చెప్పని లెక్క

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కోచింగ్ ఇచ్చే ఇంటర్ కాలేజీల్లో వారం వారం పరీక్ష ఉంటుంది. ఎంపీసీ పిల్లలకు అది చాలాసార్లు జేఈఈ మెయిన్ నమూనాలోనే జరుగుతుంది. 75 ప్రశ్నలు, 300 మార్కులు. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. ఒకటి రెండు రోజుల్లో ఫలితాల షీటు నోటీసు బోర్డుకెక్కుతుంది, అదే సమయానికి ఇంట్లో నాన్న ఫోనుకు మెసేజ్ వెళుతుంది. షీటులో మార్కులూ ఉంటాయి, ర్యాంకూ ఉంటుంది. విద్యార్థి కళ్లు మాత్రం ముందు ర్యాంకు మీదే పడతాయి. తన పేరు వెతుక్కోవడానికి షీటు పైనుంచి చదవాలా, కిందనుంచి చదవాలా అన్నది కొన్ని వారాల్లోనే అలవాటైపోతుంది. కిందనుంచి చదవడం అలవాటైన పిల్లలు తమ గురించి తాము ఒక నిర్ణయానికి వచ్చేస్తారు: ‘మనకు అంత లేదు.’

ఈ నిర్ణయానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పదో తరగతిలో తమ స్కూల్లో మొదటి వరుసలో నిలిచినవాళ్లే కావడం గమనించాల్సిన విషయం. మండల కేంద్రంలోని స్కూల్లో ఫస్ట్ వచ్చిన అమ్మాయి విజయవాడలోనో హైదరాబాద్‌లోనో రెసిడెన్షియల్ కాలేజీలో చేరితే, ఆ సెక్షన్లో కూర్చున్నవాళ్లంతా ఎక్కడో ఒకచోట ఫస్ట్ వచ్చినవాళ్లే. వారిలో కొందరు ఆరో తరగతి నుంచో, ఎనిమిదో తరగతి నుంచో ఐఐటీ ఫౌండేషన్ క్లాసుల్లో ఉన్నవాళ్లు. ఆ అమ్మాయికి వెక్టర్లు జూన్‌లో కొత్త. పక్క బెంచీలో ఉన్న టాపర్‌కు అవి మూడో విడత. లెక్చరర్ ప్రశ్న పూర్తి చేయకముందే అతను జవాబు చెబుతుంటే ఆమెకు కనిపించేది అతని తెలివి మాత్రమే. దాని వెనకున్న మూడేళ్లు కనిపించవు.

మనస్తత్వశాస్త్రంలో ఈ పరిస్థితి మీద చాలా పరిశోధన జరిగింది. ఆస్ట్రేలియాలో పనిచేసిన హెర్బర్ట్ మార్ష్ 1980లలో దీన్ని వివరించి, చిన్న చెరువులో పెద్ద చేప అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. సమానమైన సామర్థ్యం ఉన్న ఇద్దరు విద్యార్థుల్లో ఒకరు మామూలు స్కూల్లోనూ, మరొకరు ఏరికోరి చేర్చుకునే స్కూల్లోనూ చదివితే, రెండో విద్యార్థికి తన చదువు మీద తనకున్న అభిప్రాయం తక్కువగా ఉంటుందన్నది ఆయన కనుగొన్న విషయం. తరువాత చాలా దేశాల్లో ఇదే ఫలితం వచ్చింది. సామర్థ్యం మారలేదు, చుట్టూ ఉన్నవాళ్లు మారారు, అంతే. మనిషి తన స్థాయిని గాలిలోంచి అంచనా వేయడు, పక్కవాణ్ని చూసి వేస్తాడు. మన కాలేజీల్లో దీనికి ఇంకో మెట్టు కలిసింది. మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టి, పై సెక్షన్‌కు ఒక గొప్ప పేరు పెట్టి, అనుభవజ్ఞులైన లెక్చరర్లను అక్కడికే పంపే పద్ధతి చాలాచోట్ల ఉంది. అలాంటి చోట పోలిక పిల్లల మనసులోనే ఆగదు, టైంటేబుల్లోకీ వచ్చేస్తుంది.

ర్యాంకును పూర్తిగా తప్పుపట్టలేం. సీట్లు పరిమితంగా ఉన్నప్పుడు ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి అది పనికొస్తుంది, అది పుట్టిందే అందుకు. చిక్కల్లా దాన్ని ఈ వారం ఎంత నేర్చుకున్నామో చెప్పే కొలతగా వాడటంలో ఉంది. ఆ పనికి అది ఎందుకు పనికిరాదో తెలియాలంటే షీటు మధ్యభాగం చూడాలి. నాలుగు వందల మంది రాసిన పరీక్షలో పైన పదిమంది మార్కులు ఒకరికొకరికి దూరదూరంగా ఉంటాయి. మధ్యలో మాత్రం రద్దీ. 60కి, 80కి మధ్య నూట ఇరవై మంది ఉన్నారనుకుంటే ఒక్కో మార్కు దగ్గర సగటున ఆరుగురు నిలబడి ఉన్నట్టు. ఒక ప్రశ్న తప్పు బదులు ఒప్పు అయితే తేడా ఐదు మార్కులు: నాలుగు వస్తాయి, పోయే ఒకటి మిగులుతుంది. ఆ ఒక్క ప్రశ్నతో ముప్ఫై ర్యాంకులు అటో ఇటో జరుగుతాయి. అదే ప్రశ్న వల్ల మొదటి పదిలో ఉన్న విద్యార్థి స్థానం అసలు కదలకపోవచ్చు. కాబట్టి 280 నుంచి 310కి పడిపోయిన విద్యార్థి ‘దిగజారిపోయాను’ అనుకుంటే, ఆ దిగజారడం ఒక మైనస్ గుర్తు దగ్గర జరిగి ఉండవచ్చు.

రెండో కారణం ఇంకా సూటిగా ఉంటుంది. ర్యాంకు నాలుగు వందల మంది కలిసి తయారుచేసే అంకె. ఒక విద్యార్థి మెరుగై, మిగిలినవాళ్లూ అంతే మెరుగైతే ర్యాంకు ఉన్నచోటే ఉంటుంది. రెండేళ్ల కోర్సులో అందరూ రోజూ పాఠం వింటున్నారు, రాత్రి స్టడీ అవర్లో కూర్చుంటున్నారు. నాలుగు నెలలు కష్టపడి కూడా ర్యాంకు కదలని విద్యార్థి ఆ నాలుగు నెలల్లో చాలా నేర్చుకుని ఉంటాడు. ఆ సంగతి మాత్రం షీటులో ఎక్కడా కనిపించదు.

దీన్ని ఒక ఉదాహరణలో చూద్దాం. అంకెలు ఊహించినవే అయినా కోచింగ్ కాలేజీలో చదివిన ఎవరికైనా పరిచయమైనవే. ఒక అమ్మాయి ఒక వారం పరీక్షలో 48 ప్రశ్నలు చేసింది. 24 ఒప్పు, 24 తప్పు. ఒప్పులకు 96 మార్కులు, తప్పులకు 24 కోత, మిగిలింది 72. నాలుగు వందల మందిలో ర్యాంకు 312. ఎనిమిది వారాల తరువాత మరో పరీక్షలో 40 ప్రశ్నలే చేసింది. 28 ఒప్పు, 12 తప్పు. మార్కులు 100. ర్యాంకు 318. ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ మొదట అడిగేది ‘ఎంతొచ్చింది బంగారం?’ అనే. అమ్మ ఉద్దేశం ఏదైనా, ఆ ప్రశ్న పిల్ల చెవికి ర్యాంకు గురించే వినిపిస్తుంది. మూడు వందల పద్దెనిమిది అని చెప్పి ఊరుకుంటుంది. ఆరు ర్యాంకులు తగ్గిందని ఇద్దరికీ దిగులు.

ఇప్పుడు ఆ రెండు జవాబు పత్రాలను విప్పి చూడాలి. కొలత మొదలయ్యేది ఇక్కడే. మొదటి పరీక్షలోని 24 తప్పుల్లో ఏడు, పద్ధతి తెలిసీ లెక్కలో జారినవి. మూడు ప్రశ్నలు సరిగా చదవక పోయినవి: ‘కానిది ఏది’ అని అడిగితే అయినది గుర్తించడం లాంటివి. ఎనిమిది గుడ్డిగా పెట్టినవి. ఆరు ప్రశ్నల్లో విషయాన్నే తప్పుగా అర్థం చేసుకుంది. ఒప్పులనూ విడిచిపెట్టకూడదు. 24 ఒప్పుల్లో మూడు గుడ్డిగా పెడితే తగిలినవి. ఎర్రర్ నోట్‌బుక్ రాసే పిల్లలు చాలామంది ఈ అదృష్టపు ఒప్పులను వదిలేస్తారు. దాంతో రాని చాప్టర్ వచ్చినట్టు లెక్కలోకి ఎక్కేస్తుంది. ఈ ఇబ్బంది రాకుండా పరీక్ష రాసేటప్పుడే, అనుమానంతో పెట్టిన ప్రశ్న నంబరు పక్కన రఫ్ కాగితం మీద ఒక చుక్క పెట్టుకుంటే చాలు. తరువాత గుర్తు తెచ్చుకుందామంటే, ఒప్పయిన ప్రతిదీ తెలిసే పెట్టినట్టు అనిపిస్తుంది.

ఈ విడదీత తరువాత వేరే చిత్రం బయటపడుతుంది. నిజంగా తెలిసి ఒప్పు చేసినవి 21. తెలిసీ పోగొట్టుకున్నవి, జారినవీ తప్పుగా చదివినవీ కలిపి, 10. అంటే ఆమెకు వచ్చిన ప్రశ్నలు 31. జారిన ఒక్కోదానికీ ఐదు మార్కుల చొప్పున పోయినవి 50. కొత్తగా ఒక్క చాప్టర్ కూడా చదవకుండానే 72 బదులు 122 దగ్గర ఉండగలిగిన విద్యార్థి ఆమె. ‘నాకు రాదు’ అనుకోవడం వేరు, ‘వచ్చిన పది ప్రశ్నలు చేయి జారాయి’ అని తెలియడం వేరు. మొదటిదానికి చేయగలిగింది ఏమీ లేదు, రెండోదానికి రేపటినుంచే పని ఉంది.

రెండో పరీక్షకు వద్దాం. 28 ఒప్పుల్లో గుడ్డిగా తగిలినవి రెండు. 12 తప్పుల్లో చేయి జారినవీ తప్పుగా చదివినవీ కలిపి నాలుగే, గుడ్డివి ఐదు, అర్థంకానివి మూడు. జారిన ప్రశ్నలు పది నుంచి నాలుగుకు తగ్గాయి. ఆరు ప్రశ్నలకు ఐదేసి చొప్పున ముప్ఫై మార్కులు. మార్కుల్లో వచ్చిన 28 పెరుగుదల దాదాపు అంతా ఇక్కడిదే. అయితే ఈ లెక్క అంత తీపిగా లేని మాట కూడా చెబుతుంది. నిజంగా తెలిసిన ప్రశ్నలు ఈసారి 26, జారినవి 4, మొత్తం 30. మొదటిసారి 31. అంటే చేయి కుదిరింది గానీ తెలిసిన విషయం పెద్దగా పెరగలేదు. వచ్చే ఎనిమిది వారాల్లో జాగ్రత్త మీద ఇంకా శ్రమ పెడితే వచ్చేది కొంచెమే. ఇక చాప్టర్ల మీదికి వెళ్లాలి. సొంత ప్రగతిని కొలవడమంటే తనను తాను మెచ్చుకోవడం అనుకునేవాళ్లు ఈ చివరి భాగాన్ని గమనించాలి. సరిగా రాస్తే ఈ నోట్‌బుక్ ర్యాంకు షీటు కంటే కటువుగా మాట్లాడుతుంది. కాకపోతే ఏం చేయాలో కూడా చెబుతుంది.

నోట్‌బుక్‌లో ఏం రాస్తారన్న దాని మీద చాలా ఆధారపడి ఉంటుంది. చాలామంది పుస్తకాల్లో ప్రతి తప్పు పక్కనా ‘సిల్లీ మిస్టేక్’ అని ఉంటుంది. ఆ మాట వల్ల ఉపయోగం లేదు, రేపు ఏం మార్చుకోవాలో అందులో లేదు. ఒక ప్రశ్న తీసుకుందాం. బురుజు పైనుంచి ఒక రాయిని సెకనుకు 10 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు, 4 సెకన్లకు అది నేలను తాకింది, బురుజు ఎత్తెంత? గురుత్వ త్వరణం 10గా తీసుకోవాలి. పైదిశ ప్లస్ అనుకుంటే విసిరిన వేగం వల్ల 40, గురుత్వం వల్ల మైనస్ 80. రెండూ కలిపితే మైనస్ 40, అంటే బురుజు ఎత్తు 40 మీటర్లు. హడావిడిలో రెంటికీ ఒకే గుర్తు పెడితే 40, 80 కలిసి 120 వస్తుంది. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లకు ఆ సంగతి తెలుసు, అందుకే ఆప్షన్లలో 120 సిద్ధంగా ఉంటుంది. తన జవాబు ఆప్షన్లలో కనబడగానే విద్యార్థి ధైర్యంగా గుర్తించి ముందుకు పోతాడు. దీని పక్కన ‘సిల్లీ మిస్టేక్’ బదులు ‘బొమ్మ గీయలేదు, పైదిశ ప్లస్ అని రాసుకోలేదు’ అని రాస్తే, తరువాతి పరీక్షలో చేయాల్సిన పని అందులోనే దొరుకుతుంది. నెల తరువాత తిరగేస్తే ఇలాంటివి నాలుగైదు రకాలే మళ్లీ మళ్లీ వస్తుంటాయని తెలుస్తుంది: గుర్తులు, యూనిట్లు, చివర్లో అడిగింది కాక మధ్యలో వచ్చిన విలువను గుర్తించడం. తప్పులు వందలు, రకాలు కొన్నే.

ఇంత చేసినా ఒక చిక్కు మిగులుతుంది. వారం వారం పేపరు మారుతుంది, సిలబస్ మారుతుంది, కాఠిన్యం మారుతుంది. చేయి జారడం ఎక్కువగా విద్యార్థి అలవాటుకు సంబంధించింది కాబట్టి ఆ లెక్కను ఒక పరీక్షకూ మరో పరీక్షకూ పోల్చుకోవచ్చు. తెలిసిన ప్రశ్నల సంఖ్యను అలా పోల్చడం అంత నమ్మకమైనది కాదు. పైన 31, 30 అన్నప్పుడు రెండో పేపరు కష్టంగా వచ్చి ఉండవచ్చు. విషయం పెరిగిందా లేదా తేల్చాలంటే మారని కొలబద్ద ఒకటి కావాలి. అందుకు పాత జేఈఈ మెయిన్ ప్రశ్నలు పనికొస్తాయి. ఒక చాప్టర్ ఎంచుకుని, ఉదాహరణకు భ్రమణ గతిశాస్త్రం, పాత ప్రశ్నల్లోంచి ఇరవై చొప్పున మూడు కట్టలు ముందే పక్కన పెట్టుకోవాలి. చదవడానికి ముందు ఒక కట్ట, చదివిన రెండు వారాలకు రెండోది, మరో నెలకు మూడోది. గడియారం ముందు పెట్టుకుని, పుస్తకం మూసి చేయాలి. మొదటిసారి ఐదు, తరువాత తొమ్మిది, ఆపై పన్నెండు వచ్చాయంటే ఆ విద్యార్థి ఎదిగినట్టే, ఆ వారం ర్యాంకు ఏదైనా కానీ. ఒకే కట్టను మళ్లీ మళ్లీ చేస్తే మాత్రం పెరిగేది జ్ఞాపకం. జవాబు 40 అని గుర్తుండటానికీ, ఎందుకు 40 అని తెలియడానికీ తేడా ఉంది.

తప్పుదారులు ఇంకా ఉన్నాయి. గంటలు లెక్కపెట్టుకోవడం అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే మోసకారి. రోజుకు పద్నాలుగు గంటలు బెంచీ మీద కూర్చున్న లెక్కలో నేర్చుకున్నది ఎంతో ఉండదు. తేలిక చాప్టర్లనే పదేపదే చేసి అంకెలు పెంచుకోవడం మరొకటి. మూడోది నోట్‌బుక్‌ను మూడు రంగుల పెన్నులతో అలంకరించడం. పరీక్ష అయిన రోజు రాత్రి ముప్పావుగంటలో ముగియాల్సిన పని రెండు స్టడీ అవర్లు మింగేస్తోందంటే అది అక్కడికి వచ్చిందన్నమాట. ఇవన్నీ ఉన్నాయో లేవో తెలుసుకునే మార్గం ఒకటే: నోట్‌బుక్‌లో రాసుకున్న రకం తప్పు తరువాతి రెండు పరీక్షల్లో తగ్గిందా? తగ్గకపోతే రాస్తున్నారు గానీ వాడటం లేదు.

ఆత్మవిశ్వాసానికీ ఈ లెక్కలకూ సంబంధం ఏమిటన్న ప్రశ్నకు మనస్తత్వశాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రచురించిన సిద్ధాంతంలో జవాబు ఉంది. ఈ పని నేను చేయగలను అన్న నమ్మకం నాలుగు చోట్లనుంచి వస్తుందని ఆయన చెప్పారు: స్వయంగా చేసి సాధించిన అనుభవం, తనలాంటివాళ్లు సాధించడం చూడటం, ఇతరులు చెప్పే మాట, శరీరంలో కలిగే ఆందోళన లేదా నెమ్మది. వీటిలో మొదటిదే అన్నిటికంటే బలమైనది. కాలేజీల్లో ఏడాదికోసారి జరిగే మోటివేషన్ క్లాసు మూడో రకానికి చెందింది. దాని ప్రభావం రెండు రోజులు ఉంటే ఎక్కువే. స్టేజీ మీద టాపర్‌ను నిలబెట్టి మాట్లాడించడం రెండో రకంలోకి రావాలి గానీ, వెనక బెంచీ విద్యార్థికి ఆ టాపర్ ‘తనలాంటివాడు’ అనిపించడు, కాబట్టి అదీ పనిచేయదు. అదే సెక్షన్లో ఆరునెలల కిందట తనతో పాటు 60 మార్కుల దగ్గర ఉండి ఇప్పుడు 110కి వచ్చిన స్నేహితురాలు మాట్లాడితే ఎక్కువ ఉపయోగం. అలాంటివాళ్లను స్టేజీ ఎక్కించే కాలేజీలు అరుదు, ఎందుకంటే 110 మార్కులతో హోర్డింగ్ వేయలేరు. ఐదు నుంచి పన్నెండుకు ఎదిగిన ఆ చాప్టర్ లెక్క మొదటి రకం. అది ఎవరో చెప్పిన మాట కాదు, విద్యార్థి చేతిలో ఉన్న సాక్ష్యం.

ఇంట్లోవాళ్ల పాత్ర చిన్నదే, పదును ఎక్కువ. ఫోన్‌లో మొదటి ప్రశ్న మారితే చాలావరకు సరిపోతుంది. ‘ర్యాంకెంత?’ బదులు ‘పోయినసారి చేయి జారినవి ఎన్ని, ఈసారి ఎన్ని?’ అని అడగడానికి నాన్నకు ఫిజిక్స్ రానక్కర్లేదు. ఎలాగూ మార్కులు మెసేజ్‌లో వచ్చే ఉంటాయి, తెలిసినదాన్నే మళ్లీ అడిగి చెప్పించడంలో పరీక్ష తప్ప పలకరింపు ఉండదు.

కాలేజీల విషయంలో ఇప్పుడు నియమాలు కూడా మాట్లాడుతున్నాయి. కోచింగ్ కేంద్రాల కోసం కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు, లోపల జరిపే పరీక్షల ఫలితాలను బహిరంగంగా పెట్టకూడదనీ, వాటిని గోప్యంగా ఉంచి వెనకబడుతున్నవారికి కౌన్సెలింగ్ ఇవ్వడానికి వాడాలనీ చెప్పాయి. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పు ఇస్తూ, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరిముందూ అవమానించడం సాధ్యమైనంతవరకు మానాలని విద్యాసంస్థలను, ముఖ్యంగా కోచింగ్ కేంద్రాలను ఆదేశించింది. ఫలితాల షీటు గోడెక్కే కాలేజీలో తల్లిదండ్రులు ఈ రెంటినీ చూపించి ప్రశ్నించవచ్చు.

నోట్‌బుక్ చేయగలిగిన పనికి హద్దు ఉంది. నిద్ర పట్టకపోవడం, మెస్‌కు వెళ్లడం మానేయడం, దగ్గరి స్నేహితులతోనూ మాట్లాడకపోవడం, ‘నేను లేకపోతేనే నయం’ లాంటి మాటలు కనిపిస్తే అది మార్కుల విశ్లేషణతో తీరేది కాదు. వెంటనే ఇంటికి తెలియాలి, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక ర్యాంకును మళ్లీ చేతిలోకి తీసుకోవాల్సిన సమయం ఒకటి వస్తుంది. సీనియర్ ఇంటర్ జనవరిలో జేఈఈ మెయిన్ మొదటి విడత తరువాత వచ్చే పర్సంటైల్, ఆ పరీక్ష రాసిన మొత్తం గుంపులో విద్యార్థి ఎక్కడున్నాడో చెబుతుంది. 2025లో రెండు విడతల్లో కలిపి 14 లక్షల మందికి పైగా రాశారు. అంత గుంపులో 90 పర్సంటైల్ అంటే వెనక పన్నెండు లక్షల మందికి పైగా ఉన్నట్టూ, ముందు లక్షా నలభై వేల మందికి పైగా ఉన్నట్టూ. రెండు మాటలూ ఒకే అంకెలో ఉన్నాయి. ఏప్రిల్ విడత మీద ఎంత ఆశ పెట్టుకోవాలి, ఎంసెట్ వారసత్వంగా వచ్చిన ఈఏపీసెట్‌కు ఎంత సమయం ఇవ్వాలి అన్న నిర్ణయాలు ఈ అంకె లేకుండా తీసుకోలేం. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు పోయిన ఏడాది ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ముగిసిందో జాబితా ముందు పెట్టుకుని, తన ర్యాంకుకు కాస్త పైనున్నవీ, దగ్గరున్నవీ, కిందివీ వరుసగా నింపుకోవాలి.